పాదాభివందనం

తెనాలిలో చెల్లెలి కూతురి పెళ్లి. మేనమామనన్న గౌరవం కొద్దీ బావగారు నా చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చి, కల్యాణ మండపం గుమ్మం దగ్గర నిలబెట్టారు. నాకు అంతకన్నా పెద్ద శిక్ష లేదని ఆయనకు తెలియదు.

నా చూపు బాగానే ఉంది. ముక్కు, మీసం, బొట్టు అన్నీ కనిపిస్తాయి. అవన్నీ కలిసి ఫలానా మనిషి కావు, అంతే. రెండేళ్ల క్రితం నరాల డాక్టరు దీనికి ప్రోసోపగ్నోసియా అని పేరు చెప్పి, పుట్టుకతో వచ్చిందనీ మందు లేదనీ తేల్చేశాడు. చుట్టాలు అంతకు ముందే పొగరని తేల్చేశారు. దారిలో ఎదురైనా పలకరించనని.

గొంతును బట్టో, నడకను బట్టో నెట్టుకొస్తుంటాను. పెద్ద మావయ్య ఎడమ కాలు ఈడుస్తాడు. పిన్ని కంటే ముందు వక్కపొడి వాసన వస్తుంది. పెళ్లిలో అలా కాదు. ఆడవాళ్లందరికీ పట్టుచీరలే, అందరి జడల్లోనూ మల్లెలే. సన్నాయి, డోలు అందుకున్నాయంటే గొంతులూ పోతాయి.

"నేనెవరో చెప్పుకో చూద్దాం!"

ఒక పెద్దావిడ. ఈ ప్రశ్న అడగని చుట్టం లేదు. దీనికి నేను చాలాకాలం క్రితమే ఉపాయం కనిపెట్టాను. వెంటనే వంగి కాళ్లకు దండం పెట్టాను. కుడి బొటనవేలి గోరు నల్లగా, మందంగా ఉంది. ఎప్పుడో రోకలి పడి చితికిన గోరు.

"గుంటూరు అత్తయ్యా, బాగున్నారా?"

ఆవిడ పొంగిపోయింది. "హైదరాబాదులో ఉన్నా ఎంత వినయమో చూడండి!"

గంటలో పదిహేను మందికి దండాలు పెట్టాను. నడుము పట్టేసింది కానీ లెక్క తప్పలేదు.

ఇంతలో మగపెళ్లివారు దిగారు. సన్నాయి హోరెత్తింది. హారతి పళ్లెంతో ఒకావిడ పరుగున వచ్చి నా ఎదుట ఆగి ఏదో అంది. వినపడలేదు. వంగాను. పాదాల నిండా పసుపు, అంచున పారాణి. ఆనవాలు ఒక్కటీ లేదు. ఎందుకైనా మంచిదని దండం పెట్టేశాను.

పళ్లెం కదిలి కుంకుమ నా చొక్కా మీద ఒలికింది. ఆవిడ వంగి నా చెవి దగ్గర అరిచింది.

"అన్నయ్యా! నేను శారదను!"

చెల్లెలు. పెళ్లికూతురి తల్లి. మగపెళ్లివారంతా చూస్తున్నారు. ఏ అబద్ధమూ తోచక, "మొహాలు గుర్తుండవమ్మా, చిన్నప్పటి నుంచీ" అనేశాను.

తను ఒక్క క్షణం నా వంక చూసింది. "బడి వదిలాక నా పక్కనుంచే వెళ్లిపోయేవాడివి" అంది. నా మీద పడిన కుంకుమ దులిపి, హారతి ఇచ్చి వచ్చి నా పక్కనే నిలబడింది.

"రండి చిన్న మావయ్యా! విజయవాడ నుంచి బస్సు దొరికిందా?"

పన్నీరు చల్లాను.

"రా వదినా, మోకాలి నొప్పి తగ్గిందా?"

చల్లాను.

తర్వాత తెల్ల పంచె కట్టుకున్న ఒకాయన వచ్చాడు. "రండి, రండి, దయచేయండి!" అంది శారద. ఇంకేమీ అనలేదు. నేను బుడ్డి ఎత్తి పట్టుకుని తన వైపు చూశాను.

"ఎవరో నాకూ తెలియదు అన్నయ్యా" అంది పెదవులు కదపకుండా. "చల్లెయ్."