మాంబలం ఫ్లాట్‌లో టేకు చెక్క హాలు: చిత్రానికి ప్రాంప్టు

చెన్నై పశ్చిమ మాంబలంలో, పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉంటున్న ఫ్లాట్ హాలును, నిజమైన ఫొటోలా, 3:4 నిష్పత్తిలో నిలువు చిత్రంగా చూపించాలి. గది పొడవు 14 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. గది చిన్నదిగానే కనబడాలి. ఉన్నదానికన్నా విశాలంగా సాగదీస్తే ఈ చిత్రం వల్ల ఆ ఇంటివారికి ప్రయోజనం ఉండదు. కెమెరా వీధి గుమ్మం దగ్గర, నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉండి, ఎదురుగా ఉన్న తూర్పు కిటికీని చూస్తుండాలి. లెన్సు 28 మిల్లీమీటర్లు. గోడల నిలువు గీతలు వంగకూడదు.

ఫిబ్రవరి నెల, ఉదయం ఎనిమిది గంటల వేళ. కిటికీ ఊచల మధ్య నుంచి ఏటవాలుగా వచ్చే లేత ఎండ ముందు నేల మీద చారలుగా పడి, అక్కడి నుంచి చెక్క మీదికి ప్రతిఫలించాలి. గదికి వెచ్చదనం ఈ వెలుగువల్ల రావాలి గాని, గోడలన్నిటికీ చెక్క తొడగడంవల్ల కాదు. కాబట్టి కనబడే ఉపరితలంలో చెక్క మూడో వంతుకు మించకూడదు. మిగిలిన గోడలకు సున్నపు తెలుపులో కాస్త పసుపు కలిసిన, మెరుపు లేని పూత ఉండాలి.

చెక్క అంతా పాత ఇంటి దూలాల నుంచి కోయించిన టేకు. తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా పలకపలకకూ తేడా ఉండాలి. పాత మేకుల గుంతలు ఒకటి రెండు కనబడినా మంచిదే, అవే ఆ చెక్క వయసును చెబుతాయి. పాలిష్ అద్దంలా మెరవకుండా, నూనె పట్టించినట్టు లేత నిగారింపుతో ఉండాలి. ఎడమ గోడ పొడవునా 16 అంగుళాల ఎత్తున కింద సొరుగులున్న బల్ల, దానిపై మంగళగిరి నూలు గలేబు వేసిన పలుచని పరుపు ఉండాలి. సోఫా వద్దు, ఈ వెడల్పులో అది నడిచే దారిని మింగేస్తుంది. కుడివైపు ఇత్తడి గొలుసులతో పైకప్పు కొక్కేలకు వేలాడే ఉయ్యాల బల్ల, దాని వెనుక తక్కువ లోతున్న పుస్తకాల అర, ఆ అరలో ఏటికొప్పాక లక్క బొమ్మలు రెండు మూడు ఉండాలి.

నేల ఎర్ర ఆక్సైడుది. ఏళ్ల తరబడి తుడవగా వచ్చిన మెత్తటి నునుపు, గుమ్మం దగ్గర సన్నని బీట. కిటికీకి పల్చటి నూలు తెర, గాలికి ఒక అంచు మాత్రమే కదలాలి. కిటికీ పక్క గోడ దీపం వెలుగు 2700 కెల్విన్‌లో, ఎండ ముందు మసకగా ఉండాలి.

మనుషులు, చదవగలిగే అక్షరాలు, ఫాల్స్ సీలింగు, మెరిసే లామినేటు, ప్లాస్టిక్ మొక్కలు ఉండకూడదు. ఉయ్యాల మీద, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు, సగం తాగిన కాఫీతో ఒక ఇత్తడి గ్లాసు, మడత విప్పిన దినపత్రిక మాత్రం ఉండాలి.