ఆరు రోజుల షూటింగ్: డేటా బ్యాకప్, ఫైల్ పేర్ల ప్లాన్

కెమెరా, సౌండ్, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లకి,

ఏ కెమెరాకి రోజుకి 700 జీబీ, బీ కెమెరాకి 400 జీబీ వస్తుందని అంచనా. ఆరు రోజులకి 6.6 టీబీ. అందుకే 10 టీబీ హార్డ్ డిస్కులు మూడు తీసుకున్నాం. 8 టీబీవి సరిపోయేవే, కానీ అంచుల దాకా నింపిన డిస్కుతో నాకు నిద్ర పట్టదు.

మా డిస్కులు సెకనుకి 200 ఎంబీ చొప్పున రాస్తాయి. నిండిన 512 జీబీ కార్డు కాపీకి దాదాపు 43 నిమిషాలు, చెక్‌సమ్ సరిచూడడానికి మరో అంత. మొత్తం గంటన్నర. కాబట్టి కార్డులన్నీ పేకప్ అయ్యాక ఒక్కసారే ఇస్తే తెల్లారిపోతుంది. లంచ్‌కి ముందే మొదటి విడత నా టేబుల్ మీద ఉండాలి.

షూట్ అయిన కార్డు తీయగానే లాక్ ఉంటే వేసి, రోల్ నంబర్ రాసిన ఎర్ర టేపు అంటించండి. రెండు డిస్కుల్లో చెక్‌సమ్ సరిపోయాక నేనే ఆ టేపు తీసి ఆకుపచ్చది వేస్తాను. ఎర్ర టేపున్న కార్డుని డైరెక్టర్ గారు అడిగినా ఫార్మాట్ చేయొద్దు. ఆకుపచ్చ కార్డుని కూడా కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

ఫోల్డర్లు ఇలా ఉంటాయి:

```
NDK_2026
  D03_20260211
    CAM
      A007
      B005
    SND
    REPORT
```

రోల్ నంబర్ రోజూ ఒకటి నుంచి మొదలుకాదు, ఆరు రోజులూ వరుసగా సాగుతుంది. మొదటి రోజు కెమెరా ఆన్ చేయగానే మెనూలో ఒకటి A, రెండోది B అని ఉందో లేదో చూడండి. ఒకసారి మా యూనిట్‌లో రెండూ A తోనే ఉండిపోయాయి. ఒకే పేరుతో రెండు A001 ఫోల్డర్లు వచ్చాయి. ఏది ఏ కెమెరాదో తేల్చడానికి ఎడిటర్‌కి ఒక పూట పట్టింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కెమెరా ఇచ్చిన క్లిప్ పేరు ఎవరూ మార్చకండి. ప్రాక్సీ నుంచి ఒరిజినల్‌కి లింక్ కుదిరేది చాలావరకు ఆ పేరుతోనే. సీన్, టేక్ వివరాలు రిపోర్టులో రాస్తే చాలు. నాలుగో రోజు నైట్ షూట్ అర్ధరాత్రి దాటుతుంది. అయినా ఫోల్డర్ D04_20260212 గానే ఉంటుంది.

కాపీ అయ్యాక ప్రతి కార్డులో మొదటి, మధ్య, చివరి క్లిప్‌లు ప్లే చేసి చూస్తాను. చెక్‌సమ్ తేడా వస్తే కార్డుని ఎవరికీ తిరిగివ్వను, కేబుల్, రీడర్ మార్చి మళ్లీ కాపీ చేస్తాను. సౌండ్ వాళ్లు కూడా పేకప్ కాగానే కార్డు ఇవ్వండి. చిన్న ఫైళ్లే కదా అని జేబులో పెట్టుకుని వెళ్లొద్దు.

మూడో డిస్కుకి రాత్రే కాపీ అవుతుంది. అది రోజూ పొద్దున్నే ఎడిట్ రూమ్‌కి వెళ్తుంది, కొత్త ఫుటేజ్ దించుకోగానే సాయంత్రం పేకప్‌లోపు తిరిగొస్తుంది. మిగతా రెండూ ఒకే బండిలో ఎక్కకూడదు: ఒకటి నా దగ్గర, ఇంకోటి ప్రొడక్షన్ మేనేజర్ గారి దగ్గర.

ఆరో రోజు కార్డులు అద్దెకిచ్చిన వాళ్లకి వెంటనే తిరిగి పంపొద్దు. ఎడిటర్ అన్ని రోల్స్ తెరిచి చూసి నాకు ఫోన్ చేశాకే పంపుదాం. ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది, దాన్ని బడ్జెట్‌లో ముందే వేయించాను.

డీఐటీ