బుస్సంటే బుజ్జి

వీరయ్య క్యాబ్‌లో నోటిమాటతో పనిచేసే వాయిస్ అసిస్టెంట్ ఉంది. వీరయ్య నోటితో చెబితే మాత్రం వినదు. "ఇంటికి ఫోన్ కలుపు" అని గొంతు చించుకున్నా డాష్‌బోర్డు తెర నల్లగానే ఉంటుంది. అదే, స్పీడ్ బ్రేకర్ చారల మీద టైర్లు డడడడమన్నాయో, టింగుమని మేలుకుంటుంది. వైపర్లు కీచుమంటే పాట సౌండ్ పెంచుతుంది. కంకర రోడ్డెక్కితే ఏసీ ఆపేస్తుంది. ఒకసారి వెనక అంబులెన్స్ వస్తే దారి ఇవ్వాల్సిందిపోయి దారే మార్చేసింది. ఎయిర్‌పోర్టుకని ఎక్కినాయన శ్మశానం గేటు చూసి హడలిపోయాడు.

ఇవన్నీ ఎలాగో భరించాడు. భరించలేనిది లారీ. సిగ్నల్ దగ్గర లారీవాడు బ్రేకు వదిలితే గాలి బుస్స్‌మంటుంది కదా, దీని చెవికి అది "బుజ్జి".

బుజ్జి బామ్మర్ది. స్కూటర్ అమ్మకం దగ్గర మాటామాటా పెరిగి ఏడాదిగా పలకరింపుల్లేవు.

"ఏంటి బావా?" కారంతా మోగింది బుజ్జి గొంతు.

వీరయ్యకి చెమటలు పట్టాయి. "నేను చెయ్యలేదురా. లారీ చేసింది."

"పొద్దున్నే తాగావా?"

వెనక సీట్లో పెద్దావిడ ముందుకు వంగింది. "లేదు బాబూ, నా కళ్లారా చూశాను. లారీయే చేసింది."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెద్దగా నవ్వు. కట్.

మర్నాడు మళ్లీ లారీ, మళ్లీ బుజ్జి. మూడోసారికి "ఎన్ని చక్రాల లారీ బావా?" అని అడిగాడు. ఆ తర్వాత అక్క ఎలా ఉంది, పిల్లాడి పరీక్షలేమయ్యాయి... సిగ్నల్ పచ్చబడేలోపు పట్టినంత. స్కూటర్ ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఓరోజు కంప్యూటర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఎక్కింది. సంగతి విని సెట్టింగుల్లోకి దూరింది. "మైకు మీ కిటికీ పక్కనే ఉంది అంకుల్. అద్దం దించితే మీ మాటకన్నా రోడ్డే గట్టిగా వినిపిస్తుంది. పైగా పిలుపుని పట్టుకునే సెన్సిటివిటీ ఆఖరిదాకా పెంచేసి ఉంది. చిన్న శబ్దానికి కూడా నన్నే పిలిచారనుకుంటుంది." అది తగ్గించి, స్టీరింగ్ మీది బటన్ నొక్కితేనే వినేలా పెట్టేసింది.

బాగుపడింది. వైపర్లు వైపర్లలాగే కీచుమన్నాయి, లారీలు ఊరికే బుసకొట్టి పోయాయి. స్టీరింగ్ మీద బటన్ బొటనవేలి కిందే ఉంది. వీరయ్య రెండుసార్లు దాన్ని తడిమి వదిలేశాడు. ఏమని మొదలుపెట్టాలి? నెపం వేయడానికి లారీ కూడా లేకపాయె.

వారం తిరక్కుండా సిగ్నల్ దగ్గర ఫోనే మోగింది.

"ఏం బావా, మీవైపు లారీల సమ్మా?"

"లేదురా, బండి బాగైంది."

"ఎవడు చేయమన్నాడు?" అన్నాడు బుజ్జి. "సరేగానీ, ఆ స్కూటర్ సంగతి..."

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఉండరా, పక్కకి ఆపుతాను," అన్నాడు వీరయ్య.