బరంపురం తెలుగు బడి గ్రంథాలయ నిధి విందు: బడ్జెట్

రాబడి: టికెట్లు 160 × ₹1,500 = ₹2,40,000. స్పాన్సర్లు ₹2,00,000 (లక్ష ఇచ్చేవారు ఒకరు, ₹25,000 చొప్పున నలుగురు). వేలం ₹90,000. మొత్తం ₹5,30,000.

ఖర్చు: భోజనం, అతిథులతో కలిపి 180 × ₹550 = ₹99,000; హాలు, జనరేటర్ ₹60,000; మైకు, సంగీతం ₹25,000; ముద్రణ ₹11,000; అనుకోని ఖర్చులకు ₹17,000. మొత్తం ₹2,12,000.

మిగులు ₹3,18,000. రూపాయి సేకరణకు అయ్యే ఖర్చు 40 పైసలు.

ఒక్కో టికెట్‌పై పడే ఖర్చే ₹1,325, ధర తగ్గించవద్దు. 40 టికెట్లు అమ్ముడుపోక, కేటరర్‌కు ప్లేట్లు ముందుగా తగ్గించి చెప్పకపోతే రూపాయి సేకరణ ఖర్చు 45 పైసలవుతుంది.

స్పాన్సర్ల మాట కాదు, బ్యాంకులో పడిన డబ్బే లెక్క. వేలంలోని 12 బరంపురం పట్టుచీరలూ విరాళమే. అంగడి ధర ₹1,50,000; అందులో 60 శాతమే రాబడిగా వేశాం.