రోజూ మైదానానికి రావడం గురించి: తిరుపతి అండర్-16 జట్టుతో కోచ్ మాటలు

పిల్లలూ, కిట్లు పక్కన పెట్టి నీడలోకి వచ్చి కూర్చోండి. నెట్స్ మొదలుపెట్టే ముందు మీతో ఒక పావుగంట మాట్లాడాలి. మొన్న ఆదివారం చిత్తూరులో మనం 4 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో మనం 11 వైడ్లు వేశాం, 3 క్యాచ్‌లు వదిలేశాం. వ్యాన్‌లో తిరిగి వస్తున్నప్పుడు మీలో ఒకరు, ఆ రోజు మనకు అదృష్టం లేదు సార్ అన్నారు. అప్పుడు నేను బదులు చెప్పలేదు, ఎందుకంటే ఇంటికి వెళ్ళి హాజరు పుస్తకం చూసిన తరువాతే మాట్లాడాలనుకున్నాను. ఇప్పుడు చూశాను.

మే నెల శిబిరంలో రోజుకు 22 మంది వచ్చేవారు. బడులు తెరిచిన తరువాత సోమవారం 8 మంది, మంగళవారం 9 మంది, శనివారం సాయంత్రం మాత్రం మళ్ళీ 20 మంది. అంటే మీకు ఆట మీద ఇష్టం తగ్గలేదు, ఇష్టమంతా వారం చివరికి జరిగిపోయింది. శనివారం మూడు గంటలు ఆగకుండా బ్యాటింగ్ చేసి వారానికి సరిపడా సాధన చేశామని మీరు అనుకుంటున్నారు. మీ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ మూడు గంటల్లో మొదటి గంట, పోయిన శనివారం ఎక్కడ వదిలేశారో అక్కడికి చేరుకోవడానికే ఖర్చయిపోతోందని నెట్ వెనుక నిలబడిన నాకు స్పష్టంగా కనబడుతోంది.

అలిపిరి నుంచి మీరందరూ కొండకు నడిచినవారే. దాదాపు 3,550 మెట్లు. ఏడాదికి ఒకసారి ఎక్కేవాడికి మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు వణుకుతాయి, మరుసటి రోజు మంచం దిగడం కూడా కష్టమవుతుంది. వారంలో నాలుగు రోజులు ఎక్కే పెద్దాయన మాత్రం గోవింద నామం చెప్పుకుంటూ మన పక్కనుంచే ముందుకు సాగిపోతారు. ఆయన కాళ్ళు మన కాళ్ళకంటే బలమైనవని కాదు, ఆ మెట్ల ఎత్తు ఆయన కాళ్ళకు గుర్తుంది. బంతి విషయంలో మీ చేతులకు కావలసింది కూడా ఆ గుర్తే.

రాహుల్ ద్రావిడ్ టెస్టుల్లో 210 క్యాచ్‌లు పట్టారు, 31,258 బంతులు ఎదుర్కొన్నారు. టెస్టు క్రికెట్‌లో అంతకంటే ఎక్కువ బంతులు ఆడినవారు ఎవరూ లేరు. ఆ క్యాచ్‌లలో ఎక్కువ భాగం స్లిప్‌లో పట్టినవి. స్లిప్‌లో నిలబడినవాడి దగ్గరకు గంటన్నరపాటు ఒక్క బంతి కూడా రాకపోవచ్చు, వచ్చినప్పుడు మాత్రం ఆలోచించుకునేంత సమయం ఉండదు. అప్పుడు పని చేసేది చేతులకు అలవాటైన కదలిక ఒక్కటే. మనం వదిలేసిన 3 క్యాచ్‌లలో రెండు నడుము ఎత్తులో, నేరుగా వచ్చినవి. ఆ రెండు చోట్లా నిలబడినవారు అంతకుముందు పది రోజుల్లో ఒక్కరోజు కూడా క్యాచింగ్ సాధనకు రాలేదు. వారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, అందుకే పేర్లు కూడా చెప్పను. చేతికి బంతి కొత్తగా తగిలితే వేళ్ళు బిగుసుకుంటాయి, బిగుసుకున్న వేళ్ళలో బంతి నిలవదు.

ఫాస్ట్ బౌలర్లు ఈ మాట మరింత శ్రద్ధగా వినాలి, ఎందుకంటే మీ విషయంలో ఇది వికెట్ల లెక్క మాత్రమే కాదు, వెన్నెముక లెక్క కూడా. మీ వయసులో ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. బంతి వేసే ప్రతిసారీ నడుము కింది భాగం ఒకేసారి వంగి, తిరిగి, శరీరం బరువంతా మోస్తుంది. రోజూ కొద్దికొద్దిగా వేస్తూ, మధ్యలో విశ్రాంతి ఇస్తూ ఉంటే ఆ ఎముక క్రమంగా గట్టిపడుతుంది. పది రోజులు ఖాళీగా ఉండి ఒక్కసారిగా పదిహేను ఓవర్లు వేస్తే, అలవాటు లేని భారం పడి సన్నటి పగుళ్ళు రావచ్చు. ఆ గాయం మానడానికి నెలలు పడుతుంది. కాబట్టి క్రమం అంటే ప్రతిరోజూ ఒళ్ళు విరిగేలా వేయడమని అర్థం చేసుకోకండి. సోమవారం నాలుగు ఓవర్లు, మంగళవారం బంతి ముట్టుకోకుండా పరుగు, వ్యాయామం, బుధవారం మళ్ళీ నాలుగు ఓవర్లు: ఇదే నేను అడుగుతున్న క్రమం. విశ్రాంతి రోజు కూడా సాధనలో భాగమే కాబట్టి ఆ రోజు కూడా మైదానానికి రావాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. నాకు 17 ఏళ్ళప్పుడు జిల్లా ఎంపికలకు పిలుపు వచ్చింది. పరీక్షల పేరుతో నెల రోజులు బంతి పట్టుకోలేదు, ఎంపికకు ముందు రోజు మాత్రం చీకటిపడేదాకా వేశాను. మరుసటి ఉదయం మొదటి ఓవర్‌లోనే మూడు నో బాల్స్ పడ్డాయి. నెల రోజుల్లో నా అడుగు నిడివి మారిపోయింది, నేనేమో పాత గుర్తు నుంచే పరుగెత్తాను. నన్ను ఎంపిక చేయలేదు, చేయకపోవడం సరైనదే. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా అమ్మకు ఏం చెప్పాలో తెలియక బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. మీలో ఎవరూ అలా కూర్చోకూడదని నా కోరిక.

కుదరని రోజులు ఉంటాయి, నాకు తెలుసు. ట్యూషన్లు ఉంటాయి, కార్తీకంలో తెరపిలేని వానలు ఉంటాయి, ఇంట్లో పనులు ఉంటాయి. మన జట్టులో ఒక అబ్బాయి తోటాపురి కోతల రోజుల్లో మూడు వారాలు మైదానానికి రాలేకపోయాడు, తోటలో వాళ్ళ నాన్నగారికి అతని అవసరం ఉంది. అయితే ప్రతి సాయంత్రం షెడ్డు గోడకు టెన్నిస్ బంతి విసిరి, ఒక్కో చేత్తో యాభై క్యాచ్‌ల చొప్పున పట్టేవాడు. తిరిగి వచ్చిన మొదటి రోజు అతని చేతులు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఆస్ట్రేలియాలోని బౌరల్ అనే చిన్న ఊళ్ళో డొనాల్డ్ బ్రాడ్‌మన్ కూడా చిన్నప్పుడు ఇలాగే, బ్యాటుకు బదులు స్టంప్ పట్టుకుని, ఇంటి నీళ్ళ ట్యాంకు కింది ఇటుక దిమ్మెకు గోల్ఫ్ బంతి కొట్టి, తిరిగి వచ్చిన బంతిని మళ్ళీ కొట్టేవాడు. అక్కడ నెట్ లేదు, కోచ్ లేడు. రాలేని రోజున నాకు ఒక కబురు పంపండి, ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు చేయండి, ఏం చేశారో మరుసటి రోజు చెప్పండి. దాన్ని కూడా హాజరుగానే రాసుకుంటాను.

నా వంతు మాట కూడా ఇస్తున్నాను. వాన పడినా, ఒక్కరే వచ్చినా, ఉదయం 5.45కు నేను ఇక్కడ ఉంటాను. ఆ ఒక్కరికే బంతులు విసురుతాను. వచ్చే మ్యాచ్‌కు పదకొండు మందిని ఎంచేటప్పుడు ఎవరి కవర్ డ్రైవ్ అందంగా ఉందో చూడను, ఈ మూడు వారాల హాజరు ముందు చూస్తాను. ఈ సంగతి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి, తరువాత ఎవరూ బాధపడకూడదు.

ఇక లేవండి. బౌలర్లు టేపు తీసుకుని రనప్ కొలిచి, గుర్తు పెట్టి, ఆ కొలత నోటు పుస్తకంలో రాసుకోండి. రేపు అదే కొలత సరిపోతోందో లేదో చూద్దాం. మిగిలినవారు ఇద్దరిద్దరుగా జట్టు కట్టి, పది అడుగుల దూరంలో నిలబడి, నడుము ఎత్తు క్యాచ్‌లు వందేసి పట్టండి. వదిలినవి లెక్కలోకి రావు.