ఫిబ్రవరి 8 ఆదివారం: పార్కు వెనక కాలువ, ఖాళీ స్థలం బాగుచేద్దాం, రండి

1/10
ఫిబ్రవరి 8, 2026, ఆదివారం
ఉదయం 6:30 నుంచి 9:30 దాకా
పార్కు వెనక కాలువ 300 మీటర్లు, దాన్ని ఆనుకున్న ఖాళీ స్థలం
40 మంది కావాలి. మీరు వస్తారా?
ఎక్కడికి రావాలి, ఏం తెచ్చుకోవాలి, పేరు ఎలా ఇవ్వాలి: పక్కకు జరుపుతూ చదవండి.

2/10
ఇప్పుడే ఎందుకు?
వానలు లేవు, కాలువ దాదాపు ఎండింది. పూడిక తీయడానికి ఇదే అదను. తూము దగ్గరి ఇనుప జాలీని వంగి చూస్తే సంగతి తెలుస్తుంది. మొదట ఒక పల్చటి క్యారీ బ్యాగు వచ్చి జాలీకి అతుక్కుంటుంది. దాని మీద ఆకులు, ఆకుల మీద మట్టి, మట్టి మీద మళ్లీ కవర్లు. పొర మీద పొర పేరుకుని అట్టలా గట్టిపడుతుంది. పైపైన కనిపించే చెత్త ఏరితే ఆ అట్ట కదలదు. మొదటి గట్టి వానకే నీళ్లు రోడ్డెక్కుతాయి.
ఖాళీ స్థలంలో సమస్య వేరు. పగిలిన బకెట్లు, పాత టైర్లు, రంగు డబ్బాలు, వాటి అడుగున నీళ్లు. వెచ్చటి వాతావరణంలో దోమ గుడ్డు వారం పది రోజుల్లో ఎగిరే దోమవుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకే గుడ్లు పెడుతుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి బతుకుతాయి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపి వదిలేయకుండా లోపలి గోడ బ్రష్‌తో రుద్దాలి, లేదా ఆ డబ్బాను అక్కడినుంచి తీసేయాలి.

3/10
కలిసే చోటు
పార్కు వెనక గేటు, నీళ్ల ట్యాంకు కింద. ముందు గేటు ఏడింటి దాకా తాళం వేసి ఉంటుంది, అటు వెళ్లకండి.
6:15కి మా బల్ల వేసి ఉంటుంది, పచ్చ జెండా కనిపిస్తుంది. అక్కడ పేరు రాయించి గ్లవ్స్ తీసుకోండి. 6:30కి ఐదు నిమిషాల పాటు జాగ్రత్తలు చెబుతాం. అవి వినకుండా ఎవరినీ కాలువ దగ్గరకు పంపం. ఆలస్యంగా వచ్చినా సరే, నేరుగా పనిలోకి దిగకుండా ముందు బల్ల దగ్గరకే రండి.
బండ్లు పార్కు గోడ పక్కన నిలపండి. కాలువ వైపు పెడితే ట్రాక్టర్ తిరగడానికి చోటు ఉండదు.

4/10
మీరు తెచ్చుకోవాల్సినవి
కాలివేళ్లు మూసే బూట్లు, అడుగు మందంగా ఉండాలి. చెప్పులతో వచ్చినవారికి ఏరే పని ఇవ్వలేం, తూకం బల్ల దగ్గర పని ఇస్తాం. మేకు చెప్పులోంచి సులువుగా దిగుతుంది.
పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల కాటన్ చొక్కా. పాతవే వేసుకోండి, మురికి మరక వదలదు.
లీటరు నీళ్ల సీసా, మీ పేరు రాసి. టోపీ. చేతి తువాలు. ఇంటికి వెళ్లేటప్పుడు మార్చుకోవడానికి ఇంకో జత చెప్పులు, మురికి బూట్లు పెట్టుకోవడానికి ఒక సంచి.
మీ ఇంట్లో పార, గమేళా, పుల్లల చీపురు, తోపుడు బండి ఉంటే తెండి. పిడి మీద టేపు అంటించి పేరు రాయండి. 9 గంటలకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.
తేకూడనివి: బ్లీచింగ్ పౌడర్, యాసిడ్. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ రోజు పనిలో ఏ రసాయనమూ వాడటం లేదు.

5/10
మా దగ్గర ఉన్నవి
రబ్బరు పూత ఉన్న మందపాటి గ్లవ్స్ 50 జతలు. ఆసుపత్రుల్లో వాడే పల్చటి గ్లవ్స్ దీనికి పనికిరావు, గాజు పెంకు తగిలితే చిరుగుతాయి. పొడుగు పట్టకార్లు 16, పారలు 6, పళ్లున్న రేక్‌లు 8, గమేళాలు 10, నేత సంచులు 80, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలు 4, వేలాడే తూకం ఒకటి, సబ్బు, రెండు డ్రమ్ముల నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె.
గ్లవ్స్ వదులుగా ఉంటే పట్టు జారుతుంది. అందుకే ఫారంలో చిన్నది, మధ్యరకం, పెద్దది అని అడుగుతున్నాం. దయచేసి దాన్ని ఖాళీగా వదలకండి.

6/10
ఎవరు ఏం చేస్తారు
ఐదుగురికొక జట్టు, మొత్తం 8 జట్లు. ఐదు జట్లు కాలువకు, ఒక్కో జట్టుకు 60 మీటర్లు. గోడ మీద సుద్దతో గీతలు గీసి ఉంటాయి. రెండు జట్లు ఖాళీ స్థలానికి. ఒక జట్టు కింద పరిచిన పట్టా దగ్గర చెత్త వేరుచేస్తుంది.
జట్టులో ఇద్దరు ఏరతారు, ఒకరు సంచి పట్టుకుంటారు, ఒకరు పార, ఒకరు మోత. అరగంటకోసారి పని మార్చుకోవాలి. నడుము పట్టేసేది ఎక్కువగా పార పట్టినవారికే.
అందరూ పెద్ద కుప్ప చుట్టూ చేరితే పారలు తగులుతాయి, చివరి వంద మీటర్లు అలాగే మిగిలిపోతాయి. మీ గీతల మధ్యే ఉండండి.
8:45కి ఏరడం ఆపేస్తాం. 9:15కి మునిసిపల్ ట్రాక్టర్ వస్తుంది. మధ్యలో ఉన్న అరగంట మోతకు, తూకానికి. ఇంకో నాలుగు సంచులు నింపుదామని ఆగితే, నింపినవే గట్టున ఉండిపోతాయి. రాత్రికి కుక్కలు చింపేస్తాయి. అన్నిటికంటే మేము పట్టుబట్టేది ఇదే: ఎత్తిన చెత్త ఆ పూటే వీధి దాటాలి.

7/10
కాలువ పని ఇలా
ప్రతి జట్టూ తన గీతల మధ్య కింది చివర, అంటే తూము వైపు నుంచి మొదలుపెట్టి పైకి వస్తుంది. పైనుంచి మొదలుపెడితే కదిలిన చెత్త కొట్టుకొచ్చి జాలీని ఇంకా బిగిస్తుంది.
ముందు పట్టకారుతో కవర్లు, సీసాలు. తర్వాత పళ్లున్న రేక్‌తో జాలీ మీది అట్టను అంచు నుంచి ఎత్తాలి, నడిమి నుంచి లాగితే చిరిగి సగం లోపలే ఉంటుంది. ఆఖరున పూడిక.
తడి పూడిక లీటరు ఒకటిన్నర కిలోకు పైనే తూగుతుంది. పది లీటర్ల గమేళా నింపితే పదిహేను కిలోలు. సగం దాకే నింపండి, మోకాళ్లు వంచి ఎత్తండి. పూడికను గట్టున పోస్తే వానకు తిరిగి కాలువలోకే దిగుతుంది. పరిచిన పట్టా మీదే పోయండి, నీరు కారిపోయాక ట్రాక్టర్‌కు ఎక్కిస్తాం.
గట్టు మీద నుంచే పని. కాలువలోకి దిగవద్దు. మూత ఉన్న భాగంలోకి, మ్యాన్‌హోల్‌లోకి తల కూడా పెట్టవద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు, ఆక్సిజన్ లేకపోవచ్చు. ఆ వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన రావడం లేదని నమ్మడానికి వీల్లేదు. ఎవరి వస్తువైనా లోపల పడితే వదిలేసి మాకు చెప్పండి.

8/10
చేత్తో ముట్టుకోకూడనివి
సూదులు, సిరంజీలు: మూత తిరిగి పెట్టే ప్రయత్నం వద్దు. ఎర్ర టేపు చుట్టిన డబ్బా మీ జట్టు దగ్గరకు తెస్తాం, పట్టకారుతో అందులో వేయాలి. సంచిలో వేస్తే మోసేవారి కాలికి గుచ్చుకుంటుంది.
గాజు: సంచిలో కాదు, బకెట్లో.
బ్యాటరీలు, పాత ఫోన్లు: నలిగితే లిథియం బ్యాటరీకి నిప్పంటుకోవచ్చు. విడిగా పెట్టండి.
ట్యూబ్‌లైట్లు: లోపల పాదరసం ఉండొచ్చు, విరగ్గొట్టవద్దు.
మూత బిగించిన గుర్తు తెలియని డబ్బాలు, చచ్చిన జంతువులు: దూరం జరిగి జట్టు పెద్దను పిలవండి.
చెక్క పలక, రేకు, టైరు ఎత్తేముందు కర్రతో తట్టండి. పలకను అవతలి అంచు నుంచి మీ వైపుకు ఎత్తండి. కింద పాము ఉంటే పలక మీకు అడ్డుగా నిలుస్తుంది.
చేతికి, కాలికి తెగిన గాయం ఉంటే తడి పని వద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది గాయాల్లోంచి ఒంట్లోకి దారి చేసుకుంటుంది. పని చేస్తుండగా గీరుకుంటే వెంటనే సబ్బుతో కడిగి బల్ల దగ్గరకు రండి. ధనుర్వాతం టీకా వేసుకుని ఎన్నేళ్లయిందో ఇప్పుడే చూసుకోండి.

9/10
ఏ చెత్త ఎక్కడికి
సంచులకు రంగు తాళ్లు కడతాం.
పచ్చ తాడు: ఆకులు, కొమ్మలు. పార్కు కంపోస్టు గుంటకు.
నీలం తాడు: ప్లాస్టిక్ సీసాలు, లోహం, పొడి అట్టలు. రీసైక్లింగ్‌కు. సీసాలు ఒంపి, తొక్కి వేయండి. తడి అట్ట ఇందులో పడితే సంచి మొత్తం పాడవుతుంది.
నలుపు తాడు: మురికి పట్టిన కవర్లు, లోపల వెండి పొర ఉండే ప్యాకెట్లు, స్పాంజ్, తెగిన చెప్పులు. ట్రాక్టర్‌కు.
సంచి మూడొంతుల్లో రెండొంతులే నింపండి, మూతి కట్టడానికి జాగా ఉండాలి. మోయలేని సంచి ఎక్కువ పని చేసినట్టు కాదు, అది దారిలో చిరిగితే మళ్లీ ఏరాలి.
కాల్చడం అసలు వద్దు, ఎండుటాకులు కూడా. వాటిలో ఎక్కడో ఒక కవరు ఉంటుంది, ఆ పొగ పీల్చేది పక్క ఇళ్లలోని పిల్లలే.

10/10
పేరు ఇలా ఇవ్వండి
ఈ పోస్టు కింద “వస్తాను” అని, ఎంతమందో అంకె వేసి రాయండి. ఫారం లింకు మీ ఇన్‌బాక్స్‌కు పంపుతాం. నాలుగు ప్రశ్నలే: పేరు, వయసు, గ్లవ్స్ సైజు, బరువులు ఎత్తగలరా లేదా. గడువు ఫిబ్రవరి 6 శుక్రవారం రాత్రి 8.
శనివారం సాయంత్రం మీ జట్టు నంబరు వస్తుంది.
పన్నెండేళ్ల లోపు పిల్లలు అమ్మానాన్నల్లో ఒకరితో రావాలి. వాళ్లకు తూకం రాయడం, తాళ్లు కట్టడం. కాలువ గట్టుకు పంపం.
బరువులు ఎత్తలేనివారు, పెద్దవారు తప్పకుండా రండి. బల్ల, తూకం, నీళ్లు, చేతులు కడిగించడం, ఈ నాలుగింటికి ఎప్పుడూ మనుషులు చాలరు.
రాలేకపోతే పార లేదా తోపుడు బండి అరువివ్వండి. “పార ఇస్తాను” అని రాస్తే చాలు, శనివారం మేమే వచ్చి తీసుకెళ్తాం.

పోస్టు కింద రాత
పార్కు వెనక కాలువకు 40 మంది, మూడు గంటలు. ఫిబ్రవరి 8 ఆదివారం ఉదయం 6:30, వెనక గేటు, నీళ్ల ట్యాంకు కింద. బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నీళ్ల సీసా మీవి. గ్లవ్స్, పనిముట్లు మావి. వాన పడితే ఫిబ్రవరి 15 ఆదివారానికి, అదే చోటుకు, అదే సమయానికి మారుతుంది. ఆ మాట ఉదయం 5:30కి మా స్టోరీలో పెడతాం, బయల్దేరేముందు ఒకసారి చూడండి. పేరు ఇచ్చాక రాలేని పరిస్థితి వస్తే శనివారం మధ్యాహ్నంలోపు చెప్పండి, మీ చోట ఇంకొకరిని పిలుస్తాం. మీ పక్కింటివారు ఇవి చూడకపోతే మూడో స్లైడ్ పంపండి, దారి అందులోనే ఉంది.
#మనకాలువ #ఆదివారంశుభ్రత #రండికలుద్దాం