మామ్మకి ఉత్తరం

మామ్మా,

ఇది చెల్లి చదువుతోంది. మధ్యలో ఏడ్చి ఆపేస్తే దాన్ని తిట్టకు. నాకు టికెట్ దొరికేసరికి అంతా అయిపోయింది.

పొందూరులో మన అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వేదానివి. పళ్లు గుచ్చుకుంటాయని నన్ను ముట్టుకోనిచ్చేదానివి కాదు. ఒకరోజు నువ్వు వంటింట్లోకి వెళ్లగానే దాంతో తల దువ్వుకున్నాను. కొడతావనుకున్నాను. నవ్వి నవ్వి నీకు పొలమారింది. పైగా వీధంతా చెప్పావు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమందికి ఆ కథ తెలుసు.

టొరంటో వచ్చేటప్పుడు, నువ్వు వడికిన నూలుతో నేయించిన పంచె పెట్టెలో పెట్టావు. ఆ చలిలో పంచె ఎవడు కడతాడని విసుక్కున్నాను. నీకు వినపడిందో లేదో ఎప్పుడూ అడగలేదు. వినపడే ఉంటుంది, నీ చెవుల సంగతి నాకు తెలీదా!

ఫోన్ చేస్తే "అక్కడ పొద్దెక్కిందా?" అనేదానివి. రాత్రయిందంటే "అయితే పడుకో నాన్నా" అని పెట్టేసేదానివి. నీతో మాట్లాడ్డానికే మేలుకున్నానని చెప్పలేకపోయాను.

ఇవాళ ఆ పంచె కట్టుకుని ఫోన్‌లో మిమ్మల్నందర్నీ చూస్తున్నాను. చెల్లీ, కెమెరా కాస్త మామ్మ ఫొటో వైపు తిప్పవా.

నీ మనవడు